ఎండిన మొక్క కింద తెల్ల బూజు

విత్తి యాభై అరవై రోజులు దాటి ఊడలు నేలలోకి దిగే వేళ, పచ్చగా కమ్ముకున్న వేరుశనగ చేలో అక్కడొకటి ఇక్కడొకటిగా మొక్కలు వాడిపోవడం మొదలవుతుంది. ముందు ఒక్క కొమ్మ పసుపుబారి వాలుతుంది. మిగతా కొమ్మలు ఏమీ ఎరగనట్టే నిలబడి ఉంటాయి. నాలుగైదు రోజుల్లో మొక్కంతా గోధుమరంగుకు తిరుగుతుంది, ఆ తర్వాత సాలులో దాని పక్క మొక్క, దాని పక్కది. కోతకు వచ్చేసరికి సాలు వెంట అడుగో రెండడుగులో ఎండిన తునకలు చేనంతా కనిపిస్తాయి.

అనంతపురం జిల్లా ఎర్ర నేలల్లో ఏడాదికి కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లే. అక్కడ పంట ఎండిందంటే ఎవరైనా ముందు వాననే తిడతారు. కానీ వాన చాలక వాడే చేను మొత్తంగా వాడుతుంది, చల్లపొద్దుకు కొంత తేరుకుంటుంది. మిట్ట మీద ముందు, పల్లంలో తర్వాత వాడుతుంది. పచ్చని మొక్కల మధ్య ఒక్క మొక్క చచ్చిందంటే కారణం దాని మొదట్లోనే ఉంటుంది. పీకి చూడాలి.

పీకితే మొక్క చేతికి తేలిగ్గా వచ్చి, వేర్లు కొరికేసినట్టు ఉంటే అది వేరుపురుగు పని, తెగులు కాదు. మట్టి తవ్వితే సి ఆకారంలో ముడుచుకున్న తెల్లని పురుగు దొరుకుతుంది. పీకబోతే మొక్క నేల మట్టానికి తెగిపోయి, తల్లివేరు భూమిలోనే మిగిలి, తెగిన చోట దూదిపింజల్లాంటి తెల్లని దారాలు అల్లుకుని ఉంటే మనం వెతుకుతున్నది దొరికినట్టే. ఆ దారాల మధ్య, పక్కనున్న మట్టి మీద, రాలిన ఆకుల మీద ఆవగింజల్లాంటి గుండ్రని గింజలు కనిపిస్తాయి. లేతవి తెల్లగా, ముదిరినవి గోధుమరంగులో ఉంటాయి. ఇది కాండం కుళ్ళు తెగులు. దీన్ని తెచ్చే శిలీంద్రం పేరు స్క్లెరోషియం రోల్ఫ్‌సై. ఈ అధ్యాయంలో చాలా భాగం ఆ గింజల గురించే.

ఇక్కడే ఒక జాగ్రత్త చెప్పాలి. వేరుశనగను ఎండబెట్టే శిలీంద్రాలు ఇంకో రెండున్నాయి. విత్తిన నెల నెలన్నర లోపే లేత మొక్క చచ్చి, మొదట్లో మసి పూసినట్టు నల్లని పొడి ఉంటే అది ఆస్పర్జిల్లస్ నైగర్ తెచ్చే మొదలు కుళ్ళు. పంట చివర్లో, బెట్ట కాలంలో మొక్క ఎండి, వేరు పీలికలు పీలికలుగా ఊడివచ్చి, దాని మీద సన్నని నల్ల చుక్కలు కనిపిస్తే అది మాక్రోఫోమినా తెచ్చే వేరుకుళ్ళు. మూడింటినీ కలిపి ‘ఎండుతెగులు’ అనేస్తాం. కానీ పంటమార్పిడికి ఈ మూడూ మూడు రకాలుగా స్పందిస్తాయి. ఒకదానికి పనిచేసిన మందు పంట ఇంకోదానికి మేత కావచ్చు. అది చివర్లో చూద్దాం. ముందు తెల్ల బూజు.

*

1892లో అమెరికాలోని ఫ్లోరిడాలో పీటర్ హెన్రీ రోల్ఫ్స్ అనే శాస్త్రవేత్త ఈ తెగులును నమోదు చేశాడు. శిలీంద్రం పేరులో ఉన్నది ఆయన పేరే. ఆయన చూసింది వేరుశనగ మీద కాదు, టమాటా మీద. ఈ చిన్న వివరం మన మదనపల్లె వైపు రైతుకు చాలా ముఖ్యం. ఎందుకో కొంచెం ముందుకు వెళ్ళాక తెలుస్తుంది.

ఈ శిలీంద్రం గాలిలో ఎగరదు. తుప్పు తెగులు, ఆకుమచ్చ తెగులు లాగా కోట్ల బీజాలను గాలికి వదిలి ఊరి నుంచి ఊరికి పోదు. బీజాలు పుట్టే దశ దానికీ ఉంది కానీ పొలంలో అరుదు, తెగులు వ్యాప్తిలో దాని పాత్ర లెక్కలోకి రానంత చిన్నది. అది ఉన్న చోటే ఉంటుంది. దారాలుగా మట్టి మీద పాకగలదు గానీ ఆ పాకడానికి తిండి కావాలి, తిండి లేకుంటే నాలుగు వేళ్ళ దూరం కూడా పోలేదు. అలాంటిది చేనంతా ఎలా నిండుతుంది?

జవాబు ఆ గింజల్లో ఉంది. వాటిని స్క్లెరోషియాలు అంటారు. అర మిల్లీమీటరు నుంచి రెండు మిల్లీమీటర్ల గుండ్రని ముద్ద. పైన గట్టి ముదురు గోధుమరంగు పొర, లోపల నూనెలు, పిండిపదార్థాలు నిండిన కణాలు. తిండి అయిపోయి మొక్క ఎండుతున్నప్పుడు శిలీంద్రం తన దారాలను దగ్గరికి చుట్టి వీటిని తయారుచేస్తుంది. ఒక్క చచ్చిన మొక్క మొదట్లో ఇవి వందల్లో ఉండవచ్చు. మొక్క పీకినప్పుడు కొన్ని కట్టెతో పాటు కళ్ళానికి పోతాయి, కొన్ని దిబ్బకు చేరతాయి, ఎక్కువ భాగం చేలోనే రాలుతాయి. గుంటక వాటిని సాళ్ళ మధ్య ఈడుస్తుంది, గట్టివాన పల్లానికి తోసుకుపోతుంది. నేల పైపొరలో అవి మూడు నాలుగేళ్ళు బతికే ఉంటాయి.

బతికి ఉండటం ఒకటి, మొలకెత్తడం ఇంకొకటి. స్క్లెరోషియం మొలకెత్తాలంటే గాలి కావాలి, తడి కావాలి, వెచ్చదనం కావాలి. 27 నుంచి 30 డిగ్రీలు దానికి హాయి. మన ఆగస్టు, సెప్టెంబరు నేల సరిగ్గా అంతే వెచ్చగా ఉంటుంది. గాలి కావాలి కాబట్టి పైనున్న రెండు మూడు అంగుళాల మట్టిలో ఉన్నవే బాగా మొలుస్తాయి, లోతున పడినవి మొలవలేవు. ఎండి మళ్ళీ తడిస్తే మరీ చురుకుగా మొలుస్తాయి. రెండు వారాల బెట్ట, ఆ తర్వాత ఒక మంచి వాన, నాలుగైదు రోజులకు చేలో వాడిన మొక్కలు. రాయలసీమ ఖరీఫ్‌లో ఈ వరుస దాదాపు ప్రతి ఏడూ చూస్తాం. వాన పడ్డాక తెగులు వచ్చిందని రైతు చెప్పేది నిజమే. వాన తెచ్చింది కాదు, నిద్రలో ఉన్నదాన్ని లేపింది.

ఇంకో సంకేతానికి కూడా అది లేస్తుంది. ఎండిన వేరుశనగ ఆకులు, కాడలు తడిసినప్పుడు వాటి నుంచి మిథనాల్ లాంటి కొన్ని ఆవిరులు వస్తాయి. ఆ వాసన తగిలిన స్క్లెరోషియాలు మొలకెత్తి వాసన వచ్చిన దిక్కుకు దారాలు చాస్తాయి. అంటే చేలో రాలిన ఆకు దానికి పిలుపూ, అన్నమూ రెండూ. శాస్త్రవేత్తలు ఈ గుణాన్ని పనికి కూడా పెట్టుకున్నారు. చేలోని మట్టిని కాగితం మీద పలుచగా పరచి, నూటికి ఒక పాలు మిథనాల్ కలిపిన నీళ్ళతో తడిపితే, బతికున్న ప్రతి స్క్లెరోషియం చుట్టూ రెండు మూడు రోజుల్లో తెల్లని చుక్క పూస్తుంది. ఆ చుక్కలు లెక్కపెడితే ఆ చేలో ఎంత నిల్వ ఉందో తెలుస్తుంది.

రాలిన ఆకు దగ్గర ఇంకొంచెం ఆగాలి. మొలకెత్తిన స్క్లెరోషియం నేరుగా బతికున్న కాండాన్ని పట్టడం కష్టం. దాని లోపలి నిల్వ చిన్నది. ముందు ఏదైనా చచ్చిన ఆకు మీద పడి తిని బలపడి, ఆ బలంతో పక్కనున్న కాండం మీదికి వెళ్తుంది. ఆ చచ్చిన ఆకులు ఎక్కడివి? చాలావరకు తిక్క ఆకుమచ్చ తెగులువి. నల్లమచ్చలు పడిన ఆకు రాలి మొక్క మొదట్లో పరుచుకుంటుంది. ఒక శిలీంద్రం రాల్చిన ఆకును ఇంకో శిలీంద్రం మెట్టుగా వాడుకుంటుంది. ఆకుమచ్చను పట్టించుకోని చేలో కాండం కుళ్ళు ఎక్కువ కావడానికి ఇదొక కారణం.

కాండాన్ని చేరాక అది చేసే పని మొరటుది. ఆక్సాలిక్ ఆమ్లాన్ని వదులుతుంది. మొక్క కణాల గోడలను ఒకదానితో ఒకటి పట్టి ఉంచే పెక్టిన్‌కు కాల్షియం బలం. ఆమ్లం ఆ కాల్షియాన్ని లాగేసుకుంటుంది, చుట్టూ పులుపు పెంచుతుంది. ఆ పులుపులోనే పెక్టిన్‌ను కరిగించే ఎంజైములు బాగా పనిచేస్తాయి. దారం ఇంకా చేరకముందే కణాలు చచ్చి మెత్తబడతాయి. చచ్చిన దాన్ని తినుకుంటూ దారం ముందుకు పోతుంది. బతికున్న కణంతో సర్దుకుని జీవించే తుప్పు శిలీంద్రంలాంటి నాజూకు దీనికి లేదు. ఆ మొరటుతనం వల్లే దీనికి అయిదు వందలకు పైగా మొక్కజాతులు మేత అవుతున్నాయి. దేన్నయినా ముందు చంపి తర్వాత తినేవాడికి, తిండి విషయంలో పట్టింపులు ఎందుకుంటాయి?

మొక్క మొదలు చుట్టూ మట్టి ఎగదోయడం కూడా దీనికి సాయమే. ఊడలు దిగడానికి గుల్ల మట్టి కావాలి కాబట్టి గుంటక తోలడం మానలేం. కానీ ఆలస్యంగా తోలితే మట్టితో పాటు స్క్లెరోషియాలు, చచ్చిన ఆకులు కాండానికి ఒత్తుకుంటాయి. 1950లలో అమెరికాలోని జార్జియాలో ఎల్. డబ్ల్యు. బాయిల్ అనే శాస్త్రవేత్త మొక్కల మీదికి మట్టి పడనివ్వకుండా కలుపు తీసే పద్ధతిని దీనికోసమే ప్రచారం చేశాడు. మన దగ్గర 45 రోజులు దాటాక అంతరకృషి చేయొద్దని చెప్పే మాటకు ఊడలు తెగుతాయనేది మొదటి కారణం. ఈ తెగులు రెండో కారణం.

*

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. ఒకే చేలో ఏటేటా వేరుశనగ వేస్తే ఏమవుతుంది, మధ్యలో వేరే పంట వేస్తే ఏమవుతుంది. కింద చెప్పే సంఖ్యల్లో మొక్కల సంఖ్య తప్ప మిగతావి విషయం అర్థం కావడానికి నేను అనుకున్నవి, ఏ చేలోనూ కొలిచినవి కావు.

సాలుకు సాలుకు 30 సెంటీమీటర్లు, మొక్కకు మొక్కకు 10 సెంటీమీటర్ల ఎడంతో విత్తిన ఎకరంలో సుమారు లక్షా ముప్ఫై అయిదు వేల మొక్కలు ఉంటాయి. మొదటి ఏడు వాటిలో నూటికి ఒకటి కాండం కుళ్ళుతో చచ్చిందనుకుందాం. 1,350 మొక్కలు. ఎకరంలో ఈ మాత్రం ఎవరూ పట్టించుకోరు. ఒక్కో చచ్చిన మొక్క నూరు స్క్లెరోషియాలు వదిలిందనుకుందాం. నేలలో 1,35,000 పడ్డాయి. వచ్చే విత్తనం నాటికి వాటిలో సగం చస్తాయనుకుందాం. మిగిలిన వాటిలో ఇరవైకి ఒకటి మాత్రమే వేరుశనగ కాండాన్ని పట్టగలుగుతుందనుకుందాం.

రెండో ఏడూ వేరుశనగే వేస్తే 67,500 బతికి ఉంటాయి, వాటి వల్ల 3,375 మొక్కలు చస్తాయి. నూటికి రెండున్నర. అవి వదిలినవి మూడో ఏటికి సగమై, అప్పుడు చచ్చే మొక్కలు 8,400 దాటతాయి, నూటికి ఆరు. నాలుగో ఏడు నూటికి పదిహేను. ఇలా పోతూ ఉంటే అయిదో ఆరో ఏటికి చేనే మిగలదనిపిస్తుంది. నిజానికి అలా జరగదు. స్క్లెరోషియాలు చేనంతా సమంగా పరుచుకోవు, చచ్చిన చోటే గుంపులుగా పడతాయి. ఒకే మొక్క మీద పది పడితే చచ్చేది ఒక్క మొక్కే. అందుకే కొన్నేళ్ళకు తెగులు ఒక మట్టానికి వచ్చి ఆగుతుంది. కానీ మొదటి నాలుగేళ్ళలో అది పెరిగే తీరు మాత్రం ఇదే. ఏ ఏటికాయేడు చూసుకునే రైతుకు ఈ వరుస కనిపించదు. ‘ఈ ఏడు తెగులు జాస్తి’ అనిపిస్తుంది, అంతే.

ఇప్పుడు రెండో ఏడు జొన్న వేశాడనుకుందాం. జొన్నను ఈ శిలీంద్రం పట్టకపోదు కానీ చాలా తక్కువ. కొత్తగా పడే స్క్లెరోషియాలు లేవు, ఉన్నవి సగమవుతూ పోతాయి. మూడో ఏటి విత్తనానికి 33,750. అప్పుడు వేరుశనగ వేస్తే చచ్చే మొక్కలు 1,687. మొదటి ఏడు చచ్చినవి 1,350. గమనించారా? ఒక్క ఏడు పంట మార్చినందుకు తెగులు తగ్గలేదు, ఇంచుమించు ఉన్న చోటే ఉంది. ‘మేమూ జొన్న వేసి చూశాం, లాభం లేదు’ అనే మాట ఇక్కడి నుంచే పుడుతుంది. దాన్ని తప్పుపట్టలేం. రెండేళ్ళు వరుసగా వేరే పంటలు వేసి నాలుగో ఏడు వేరుశనగకు వస్తే మాత్రం నేలలో మిగిలినవి 16,875. చచ్చే మొక్కలు 844. మొదటి ఏటి కంటే తక్కువ. చక్రం తెగింది అంటే ఇదే. మొక్క వదిలే కొత్త గింజల కంటే నేలలో చచ్చే పాత గింజలు ఎక్కువ కావాలి.

నేను సగం అన్నది మూడో వంతు కావచ్చు, ముప్పావు కావచ్చు. నేలను బట్టి, వానను బట్టి మారుతుంది. లెక్క మారితే ఎన్నేళ్ళ ఎడం కావాలో మారుతుంది. కానీ ఒక పంట ఎడం సరిపోకపోవడానికీ, రెండు సరిపోవడానికీ మధ్య ఉన్న తేడా ఆ సగంలోనే ఉంది. అందుకే తర్వాతి ప్రశ్న ముఖ్యమైనది. వేరే పంట ఉన్న చేలో ఆ గింజలు అసలు ఎందుకు చస్తాయి?

తిండి దొరకక చస్తాయి అని చెప్పేస్తే సగమే చెప్పినట్టు. 1972లో ఎ. ఎం. స్మిత్ అనే పరిశోధకుడు ఒక చిత్రమైన సంగతి చూపించాడు. స్క్లెరోషియాలను ఎండబెట్టి తిరిగి తడి మట్టిలో పెడితే వాటి పై పొర పగుళ్ళ నుంచి లోపలి చక్కెరలు, అమైనో ఆమ్లాలు బయటికి కారతాయి. ఆ ఊట కోసం మట్టిలోని బ్యాక్టీరియా, ఇతర శిలీంద్రాలు చుట్టూ మూగి, కొన్నాళ్ళలో ఆ గింజను కుళ్ళబెట్టేస్తాయి. ఎండి తడవడమే దాన్ని లేపుతుందని ముందు చెప్పుకున్నాం. అదే ఎండి తడవడం దాన్ని చంపుతుంది కూడా. తేడా ఎక్కడుందంటే, లేచిన క్షణాన పక్కన వేరుశనగ కాండమో దాని రాలిన ఆకో ఉంటే బతికిపోతుంది. లేకపోతే లోపలి నిల్వ ఖర్చయి, ఊట కారి, చుట్టూ ఉన్న సూక్ష్మజీవులకు ఆహారమైపోతుంది. పైపొరలో ఉన్న స్క్లెరోషియాలకు మన వేసవి, తొలకరి ఏడాదికి ఎన్నోసార్లు ఈ పరీక్ష పెడతాయి. అందులో ప్రతిసారీ నెగ్గించేది మేత. పంటమార్పిడి ఆ మేతను తీసేస్తుంది, చంపే పని మాత్రం మట్టే చేస్తుంది.

ఆ పని చేసే వాటిలో ట్రైకోడెర్మా ఒకటి. అది స్క్లెరోషియం పై పొరను తొలిచి లోపలికి పోయి తింటుంది. ఎకరానికి రెండు కిలోల ట్రైకోడెర్మా పొడిని 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండిలో కలిపి, తడిపి, నీడలో కొద్ది రోజులు మాగనిచ్చి చేలో చల్లడం అందరికీ తెలిసిన పద్ధతే. తడి లేని ఎర్ర నేల మీద మిట్టమధ్యాహ్నం చల్లితే మాత్రం అది ఎరువు చల్లినట్టే. మాగని ఎరువులో చల్లినా అంతే.

వరి మడిలో సంగతి వేరు. అక్కడ మేత లేకపోవడంతో పాటు ఊపిరి కూడా లేదు. నెలల తరబడి నీరు నిలిచిన మట్టిలో ఆక్సిజన్ ఉండదు, స్క్లెరోషియాలు మెట్ట చేలో కంటే త్వరగా నశిస్తాయి. వరి కోసిన మళ్ళలో యాసంగి వేరుశనగ వేసే చోట్ల కాండం కుళ్ళు ఎందుకు తక్కువగా ఉంటుందో ఇందులో కొంత జవాబుంది. అనంతపురం మెట్ట రైతుకు ఆ వెసులుబాటు లేదు.

*

పంట మార్చడం అంటే ఏ పంటకు మార్చినా మార్చినట్టేనా? చిత్తూరు, మదనపల్లె ప్రాంతంలో బోరు కింద టమాటా వేసి, తర్వాత వేరుశనగ, మళ్ళీ టమాటా వేసే రైతులున్నారు. వాళ్ళ దృష్టిలో అది చక్కని మార్పిడి. ఒకటి కూరగాయ, ఒకటి నూనెగింజ, వేర్లు వేరు, మార్కెట్లు వేరు. శిలీంద్రం దృష్టిలో మాత్రం అది ఒకే పంట. రోల్ఫ్స్ దాన్ని మొదట పట్టుకున్నదే టమాటా మీద. మిరప, వంగ, పొద్దుతిరుగుడు, శనగ, పెసర, అలసంద కూడా దానికి మేతే. వేరుశనగలో ఏడు సాళ్ళకొకటిగా వేసే కంది కూడా ఈ తెగులుకు దొరుకుతుంది. కందిని తీసేయమనడం లేదు. వేరుశనగ పోయినా మిగిలేది కందే కదా. కానీ ఆ ఒక్క సాలు ఉన్నందుకు పంట మార్చినట్టు అనుకోకూడదు.

ఈ శిలీంద్రం తక్కువగా పట్టేవి గడ్డిజాతి పంటలు, వాటిలో జొన్న, సజ్జ, మొక్కజొన్న ముందు వరుసలో ఉన్నాయి. పత్తిని కూడా వేరుశనగ కంటే తక్కువగానే పడుతుంది. అమెరికాలోని అలబామాలో ఆబర్న్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త రోడ్రిగెజ్-కబానా బృందం ఏళ్ళ తరబడి చేసిన ప్రయోగాల్లో మొక్కజొన్న, పత్తి, బహియా గడ్డి తర్వాత వేసిన వేరుశనగలో ఈ తెగులు తగ్గి దిగుబడి పెరిగింది. రెండేళ్ళు గడ్డి బీడుగా వదిలిన చేలో లాభం ఇంకా స్పష్టంగా కనిపించింది.

గడ్డిజాతి అన్నామని రాగిని కళ్ళు మూసుకుని కలపకూడదు. రాగికి కూడా ఇదే శిలీంద్రం మొదలు కుళ్ళు తెస్తుంది. రాయలసీమలో రాగి, వేరుశనగ రెండూ ఇష్టంగా వేసే చోట ఇది గుర్తుపెట్టుకోవలసిన సంగతి. జొన్నకూ ఒక మెలిక ఉంది. జొన్న మోళ్ళు కుళ్ళకుండా పైపైన మిగిలి ఉన్న చేలో కంది వేస్తే స్క్లెరోషియం తెచ్చే మొదలు కుళ్ళు పెరుగుతుందని కంది మీద పనిచేసినవాళ్ళు చెబుతారు. ఆ శిలీంద్రం బతికున్న జొన్నను అంతగా తినకపోయినా చచ్చిన మోడు మీద హాయిగా పెరుగుతుంది. వేరుశనగకూ అదే వర్తిస్తుందనుకోవాలి. జొన్న కోయగానే దున్ని, మోళ్ళను మట్టి కిందికి తిప్పి, తర్వాతి విత్తనానికి ముందు అవి పూర్తిగా కుళ్ళే సమయం ఇవ్వాలి. రెక్కల నాగలితో ఒకసారి లోతుగా తిప్పితే స్క్లెరోషియాలూ గాలి అందని లోతుకు పోతాయి. మరుసటి ఏడూ అంతే లోతు దున్నితే నిన్న పూడ్చినవి ఇవాళ పైకి వస్తాయి. లోతు దుక్కి మూడు నాలుగేళ్ళకొకసారి చాలు.

చేలో తానుగా మొలిచే వేరుశనగను మరచిపోవడం ఇంకో పెద్ద లోపం. కోతలో మిగిలిపోయిన కాయలు జొన్న చేలో మొలుస్తాయి. పశువులకు మేతగా పనికొస్తాయని వదిలేస్తారు. అయిదు పది అడుగులకొక వేరుశనగ మొక్క ఉన్న జొన్న చేను, శిలీంద్రానికి అక్కడక్కడా పంట ఉన్న చేనే. అలాగే తెగులు పట్టిన కట్టెను పశువులు తిన్నాక మిగిలిన చెత్తను దిబ్బలో వేసి, మాగకముందే తిరిగి చేనుకు తోలితే రెండేళ్ళు ఖాళీ చేసిన నేలలో మళ్ళీ మనమే విత్తినట్టు.

ఇదంతా తెల్ల బూజు సంగతి. మాక్రోఫోమినా దగ్గర జొన్న మాట తిరగబడుతుంది. అది బెట్టను, 35 డిగ్రీల వేడిని ఇష్టపడే శిలీంద్రం. కంటికి సన్నని నల్ల చుక్కల్లా కనిపించే దాని గింజలు కూడా నేలలో ఏళ్ళు ఉంటాయి. జొన్న గింజ పాలుపోసుకునే వేళ బెట్ట తగిలితే ఆ జొన్ననే కాండం లోపల బొగ్గుగా చేసేది కూడా అదే శిలీంద్రం. నువ్వులు, పొద్దుతిరుగుడు, ఆముదం, సోయా, మొక్కజొన్న అన్నీ దానికి పనికొస్తాయి. పంట మార్చి దాన్ని ఆకలితో చంపడం చాలా కష్టం. దానికి మందు మొక్కకు దాహం తగలకుండా చూడటం, నేలలో సేంద్రియ పదార్థం పెంచడం. ఇక మొదలు కుళ్ళు తెచ్చే ఆస్పర్జిల్లస్ కుళ్ళే దేని మీదైనా బతుకుతుంది, విత్తనంతో కూడా వస్తుంది. దానికి పంటమార్పిడి దాదాపు పట్టదు. పప్పు పగలని మంచి విత్తనం, విత్తే ముందు కిలోకు మూడు గ్రాముల మాంకోజెబ్ పట్టించడం అక్కడ ఎక్కువ పనిచేస్తాయి. అందుకే మొదట్లోనే మొక్క పీకి చూడమన్నది. మసి కనిపించిన చేలో మూడేళ్ళు జొన్న వేసి ఎదురుచూడటంలో అర్థం లేదు.

తిక్క ఆకుమచ్చ మాత్రం వీటన్నిటికీ భిన్నం. అది దాదాపుగా వేరుశనగ మీదే బతుకుతుంది, పాత ఆకులు, తానుగా మొలిచిన మొక్కల మీద ఏడాది దాటేస్తుంది. అందుకే ఒక్క ఏడు పంట మార్చినా ఆ చేలో దాని రాక ఆలస్యమవుతుంది. గాలిలో వచ్చేది పక్క చేను నుంచి ఎలాగూ వస్తుంది. ఆలస్యమైనంత మేరకు ఆకు రాలడం తగ్గుతుంది, రాలిన ఆకు తగ్గినంత మేరకు తెల్ల బూజుకు మెట్టు తగ్గుతుంది. పంటమార్పిడి కాండం కుళ్ళు మీద రెండు వైపుల నుంచి పనిచేయడం ఇలా.

ఇంత తెలిసినా అనంతపురం రైతు ఎందుకు మార్చడు అని అడిగేవాళ్ళకు తెగులుశాస్త్రంలో జవాబు దొరకదు. అక్కడ ఏడాదికి ఒకే వానకారు, ఒకే పంట. పంట మార్చడమంటే ఆ ఏటి ఆదాయాన్నే మార్చడం. వేరుశనగ కాయకు మిల్లు ఉంది, కట్టెకు పశువు ఉంది, అప్పు కూడా ఆ పంట మీదే పుడుతుంది. జొన్నకు పిట్టల బెడద, కోతకు కూలీలు, ధర సంగతి సరేసరి. మూడెకరాలవాడికి కొంత దారి ఉంది. మూడు ఎకరాలూ ఒకేసారి మార్చక్కర్లేదు. ఎకరం వేరుశనగ, రెండెకరాలు జొన్న, సజ్జ, మరుసటి ఏడు వేరుశనగ పక్క ఎకరానికి జరగడం. ఏ ఎకరానికైనా రెండేళ్ళ ఎడం వస్తుంది. కానీ వేరుశనగ విస్తీర్ణం మూడో వంతుకు పడిపోతుంది. రెండెకరాలు వేరుశనగ, ఒకెకరం జొన్న అంటే ఒక ఏడు ఎడం మాత్రమే, అదీ రెండేళ్ళు వరుసగా వేరుశనగ వేశాక. పై లెక్కతో చూస్తే అది తెగులును ఆపలేదు, పెరిగే వేగాన్ని తగ్గించగలదంతే. ఏడాదికోసారి చేను మారే కౌలుదారుకైతే ఇందులో ఏ దారీ లేదు. తాను కాపాడిన నేలలో మరుసటి ఏడు ఎవరు విత్తుతారో అతనికి తెలియదు.

మార్చినది ఫలించిందో లేదో తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు. రోడ్రిగెజ్-కబానా వాళ్ళు 1975లో పెట్టిన కొలత ఒకటి ఇప్పటికీ వాడుకలో ఉంది. కోతకు వారం పది రోజుల ముందు ఒక సాలు వెంట 30 మీటర్లు నడవాలి. ఎండిన మొక్కల వరుస 30 సెంటీమీటర్లు గానీ అంతకు తక్కువ గానీ ఉంటే ఒక తావు. అర మీటరు ఉంటే రెండు తావులు. ఎండిన ప్రతి తావులో ఒక మొక్క పీకి తెల్లబూజు, గింజలు ఉన్నాయో లేవో చూడాలి, లేని తావును లెక్క నుంచి తీసేయాలి. చేలో నాలుగైదు చోట్ల, గట్టు వారా నడిమధ్యా పల్లంలోనూ ఇలా లెక్కపెట్టి సంఖ్య రాసి పెట్టుకోవాలి. వేరుశనగ తిరిగి ఆ చేలోకి వచ్చిన ఏడు మళ్ళీ అవే సాళ్ళ దిక్కున లెక్కపెడితే, తావులు తగ్గి ఉంటే ఆ ఎడం సరిపోయినట్టు. అంతే ఉంటే ఇంకో ఏడు జొన్న కావాలి. పెరిగి ఉంటే మధ్యలో ఎక్కడో మేత దొరికింది. అప్పుడు తానుగా మొలిచిన మొక్కల దగ్గర, దిబ్బ ఎరువు దగ్గర, కలుపులో, మధ్యలో వేసిన పంటలో వెతకాలి.